కాంట్రాక్ట్ నోట్ చదవడం ఎలా? 40,000 రూపాయల షేర్లకు 40,189.05 ఎందుకు కట్టాలి?

"అమ్మాయ్, బ్రోకరేజీ ముప్పై పైసలే అన్నాడు. వంద షేర్లు కొన్నాను. అంటే ముప్పై రూపాయలు కదా? నూట ఇరవై లాగేశాడు. ఒకసారి ఆ కాగితం చూసి చెప్పు."

గుణుపూర్ నుంచి మా మావయ్య ఫోన్ చేసి అన్న మాట ఇది. ఆయన రిటైరైన టీచర్. 2025 ఏప్రిల్ 30న, బుధవారం, ఫోన్ మీద ఆర్డర్ చెప్పి ఒక కంపెనీ షేర్లు వంద కొన్నారు. బ్రోకర్ ఆఫీసు ముంబైలో ఉంది. రాయగడలో నేను ఒక దుకాణానికి లెక్కలు చూస్తాను కాబట్టి, మా ఇంట్లో అంకెలున్న కాగితం ఏది వచ్చినా చివరికి నా దగ్గరికే వస్తుంది. ఆయన వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ తెరిచి ఇద్దరం ఫోన్ మీదే పైనుంచి కిందిదాకా చదివాం. అది కాంట్రాక్ట్ నోట్, అంటే ఏ షేర్లు ఎంతకు కొన్నారో అమ్మారో, ఏ చార్జీలు ఎంత పడ్డాయో బ్రోకర్ రాసి పంపే కాగితం. అదే నోట్‌ను ఇప్పుడు మీతో చదువుతాను. కంపెనీ పేరు, బ్రోకర్ పేరు మనకు అవసరం లేదు. అంకెలు మాత్రం అవే. మీ నోట్ ఒకటి పక్కన తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు నోట్ మీ చేతికి రావాలి

కొన్నా అమ్మినా 24 గంటల్లోపు కాంట్రాక్ట్ నోట్ పంపడం బ్రోకర్ బాధ్యత. ఎక్కువగా అదే రోజు రాత్రి ఈమెయిల్‌కు పీడీఎఫ్‌గా వస్తుంది. పాస్‌వర్డ్ చాలామంది బ్రోకర్ల దగ్గర మీ పాన్ నంబరే.

రాలేదంటే ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి. అక్కడా లేకపోతే ఖాతాలో నమోదైన ఈమెయిల్ ఎవరిదో అడగండి. మా వైపు పెద్దవాళ్లు చాలామంది ఖాతా తెరిచేటప్పుడు "నాకు ఈమెయిల్ లేదు బాబూ" అంటే, ఏజెంట్ తన ఈమెయిల్ రాసేస్తాడు. అప్పుడు మీ నోట్లన్నీ అతనికే పోతాయి. మీ పేరు మీద ఏం కొన్నారో, ఎంత తీసుకున్నారో మీకు తెలిసే దారే ఉండదు. ఈమెయిల్, మొబైల్ నంబరు రెండూ మీవో, మీ ఇంట్లోవాళ్లవో అయ్యేలా మార్పించుకున్నాకే మిగతా పని పెట్టుకోండి.

పైభాగం: మీ వివరాలు, రెండు తేదీలు

పేరు, పాన్, క్లయింట్ కోడ్ సరిపోయాయో చూసుకోండి. తర్వాత చిరునామా, దాని దగ్గరే ఉండే ప్లేస్ ఆఫ్ సప్లై, అంటే పన్ను లెక్కకు మీది ఏ రాష్ట్రమో చెప్పే వరుస చూడండి. మావయ్య నోట్‌లో అక్కడ ఒడిశా, కోడ్ 21 అని ఉంది. బల్లార్షాలో ఉండే మా చెల్లెలి నోట్‌లో మహారాష్ట్ర, 27 అని ఉంటుంది. పార్వతీపురంలో ఉండగా ఖాతా తెరిచి, తర్వాత రాయగడకు మారినవాళ్లకు ఇంకా ఆంధ్రప్రదేశ్, 37 అనే కనిపించవచ్చు. దానివల్ల మీరు కట్టే మొత్తం పెరగదు, తగ్గదు. కానీ మీ కేవైసీలో పాత చిరునామానే ఉందని అర్థం. అది సరిచేయించుకోవాలి. ఈ రాష్ట్రం పేరుతో కింద పన్నుల దగ్గర మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు తేదీలు. ట్రేడ్ తేదీ అంటే బేరం కుదిరిన రోజు. సెటిల్‌మెంట్ తేదీ అంటే డబ్బు, షేర్లు నిజంగా చేతులు మారే రోజు. 2023 జనవరి 27 నుంచి షేర్లన్నిటికీ టీ ప్లస్ 1 పద్ధతి నడుస్తోంది. అంటే బేరం జరిగిన రోజు కాక మరుసటి పని రోజు. పని రోజు అన్న మాటను గట్టిగా పట్టుకోండి. శుక్రవారం కొంటే సెటిల్‌మెంట్ సోమవారమే.

మావయ్య కొన్నది బుధవారం. కాబట్టి గురువారం షేర్లు డీమ్యాట్‌లో, అంటే షేర్లు దాచే ఖాతాలో పడాలని ఆయన లెక్క. గురువారం పొద్దున్నుంచి ఫోన్‌లో వెతుక్కుని, కనిపించక టెన్షన్ పడ్డారు. నోట్‌లో మాత్రం సెటిల్‌మెంట్ తేదీ 02-05-2025 అని స్పష్టంగా ఉంది. గురువారం మే 1, మహారాష్ట్ర దినోత్సవం. ఎక్స్‌ఛేంజీలు ముంబైవి కాబట్టి ఆ రోజు వాటికి సెలవు. అందుకే లెక్క శుక్రవారానికి జరిగింది.

ఒడిశాలో ఉండే మనం దీన్ని తిరగేసి కూడా గుర్తుపెట్టుకోవాలి. జూన్ నడుమ రజ పండుగకు మన ఊళ్లో బ్యాంకు మూసి ఉండవచ్చు. ఎక్స్‌ఛేంజీ సెలవుల జాబితాలో ఆ రోజు లేకపోతే సెటిల్‌మెంట్ ఆగదు, డబ్బు కట్టాల్సిన గడువూ జరగదు. బ్రాంచికి వెళ్లి చెక్కు వేద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. మన ఊరి క్యాలెండర్ చూసి తేదీ లెక్కపెట్టకండి. నోట్‌లో అచ్చయిన సెటిల్‌మెంట్ తేదీనే నమ్మండి.

మధ్యలో పట్టిక: ఏం కొన్నారు, ఎంతకు

మావయ్య చెప్పింది ఒకే ఆర్డర్. పట్టికలో మాత్రం రెండు వరుసలున్నాయి. "రెండుసార్లు కొనేశారేమో" అని ఆయనకు అనుమానం. ఆర్డర్ నంబరు చూడమన్నాను. రెండు వరుసల్లోనూ ఒకటే నంబరు. ట్రేడ్ నంబర్లు మాత్రం వేరు. అంటే ఒకే ఆర్డర్‌కు ఇద్దరు అమ్మకందార్ల దగ్గర సరుకు దొరికింది.

మొదటి వరుస: 60 షేర్లు, ఒక్కోటి 399.80. మొత్తం 23,988.
రెండో వరుస: 40 షేర్లు, ఒక్కోటి 400.30. మొత్తం 16,012.

రెండూ కలిపితే వంద షేర్లు, సరిగ్గా 40,000 రూపాయలు. సగటున షేరుకు 400.

ఒకవేళ ఆర్డర్ నంబరు కూడా వేరుగా ఉండి, మీరు ఒకే ఆర్డర్ చెప్పి ఉంటే అప్పుడు అడగాలి. ఆర్డర్ సమయం కూడా అచ్చవుతుంది. ఫోన్ మీద ఆర్డర్ చెప్పేవాళ్లు ఆ సమయాన్ని తమ కాల్ లాగ్‌తో పోల్చుకోవాలి. మీరు పదకొండింటికి ఫోన్ చేస్తే, నోట్‌లో మధ్యాహ్నం రెండింటికి ఇంకో ఆర్డర్ ఉంటే అది మీరు చెప్పింది కాదు. నేను చూసే కొద్దిపాటి నోట్లలోనే ఒకసారి ఇలాంటిది బయటపడింది. అదే రాత్రి మెయిల్ పెట్టడంతో బ్రోకర్ సరిచేశాడు. నెల తర్వాత పెట్టి ఉంటే "మీరే చెప్పారు కదా" అనేవాడు.

నోట్‌లో ఉన్న ట్రేడ్ నిజంగా జరిగిందా అన్న సందేహం వస్తే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ట్రేడ్ వెరిఫికేషన్ అనే సదుపాయం ఉంది. నోట్‌లోని వివరాలు ఇస్తే ఆ ట్రేడ్ ఎక్స్‌ఛేంజీ రికార్డులో ఉందో లేదో చూపిస్తుంది. ట్రేడ్ జరిగిన కొద్ది రోజుల వరకే అది దొరుకుతుంది. అందుకని వెంటనే చూసుకోండి.

బ్రోకరేజీ: మావయ్య ముప్పై పైసల కథ

ఇక అసలు గొడవకు వద్దాం. పట్టికలో షేరు ధర పక్కనే షేరుకు బ్రోకరేజీ అనే గడి ఉంటుంది. మొదటి వరుసలో అక్కడ 1.1994, రెండో వరుసలో 1.2009 ఉన్నాయి. ముప్పై పైసలు ఎక్కడా లేవు.

బ్రోకర్ల మాటల్లో "ముప్పై పైసలు" అంటే షేరుకు ముప్పై పైసలు కాదు. ప్రతి వంద రూపాయల వ్యాపారానికి ముప్పై పైసలు, అంటే 0.30 శాతం. షేరు ధర 400 కాబట్టి నాలుగు వందలు, నాలుగు ముప్పైలు, రూపాయి ఇరవై పైసలు. వంద షేర్లకు 120 రూపాయలు. మావయ్య అనుకున్న 30 రూపాయలు రావాలంటే షేరు ధర వంద రూపాయలై ఉండాలి. ఇక్కడ బ్రోకర్ చెప్పిన రేటే వేశాడు. తప్పు లెక్కలో లేదు, మాట అర్థంలో ఉంది. ఇంత చిన్న విషయం మీద మావయ్య ఒక రాత్రి నిద్రపోలేదంటే నాకు బాధేసింది. ఆ ఏజెంట్ "శాతం" అన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

మీ నోట్‌లో మీరు చేయాల్సింది ఇదే. షేరుకు బ్రోకరేజీని షేరు ధరతో భాగించి వందతో గుణించండి.

```
1.1994 / 399.80 * 100 = 0.30
```

వచ్చిన శాతాన్ని ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టిన టారిఫ్ షీట్‌తో పోల్చండి. ఏజెంట్ నోటిమాటతో కాదు. శాతం ఎక్కువ వస్తే ముందు కనీస బ్రోకరేజీ షరతు ఉందేమో చూడండి. ఉదాహరణకు ఆర్డర్‌కు కనీసం 25 రూపాయలు అని రాసి ఉంటే, మీరు 2,000 రూపాయల షేర్లు కొన్నా 25 పడుతుంది. అది 1.25 శాతం. కొద్దికొద్దిగా కొనేవాళ్లకు చెప్పిన శాతం కన్నా ఈ కనీసమే ఎక్కువ బరువు. ఆర్డర్‌కు ఇంత అని ఒకే మొత్తం తీసుకునే బ్రోకర్లయితే ఈ భాగహారం అవసరం లేదు. ఎన్ని ఆర్డర్లు అమలయ్యాయో లెక్కపెడితే చాలు. ఒకే ఆర్డర్ రెండు ట్రేడ్‌లుగా వచ్చినా ఒక ఆర్డర్‌గానే లెక్క.

ఆ పక్క గడి నెట్ రేటు. ధరకు బ్రోకరేజీ కలిపితే వచ్చేది: 400.9994, 401.5009. అమ్మినప్పుడైతే ఇక్కడ కలపరు, తీసేస్తారు. కొన్ని నోట్లలో పట్టిక చివరి మొత్తం ఈ నెట్ రేటు మీద వేస్తారు. అలా అయితే 40,120 అని కనిపిస్తుంది. అందులో బ్రోకరేజీ అప్పటికే కలిసిపోయింది. కింద బ్రోకరేజీ 120 అని మళ్లీ కనిపించగానే రెండోసారి కలపకండి. "రెండుసార్లు వేశారు" అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినవన్నీ ఇదే పొరపాటు. మావయ్య నోట్‌లో షేర్లకు కట్టాల్సిన లేదా రావాల్సిన మొత్తం చూపే `Pay in/Pay out Obligation` దగ్గర 40,000 ఉంది, అంటే బ్రోకరేజీ ఇంకా కలపలేదు. మీ నోట్‌లో ఏ పద్ధతో ముందు తేల్చుకోండి. షేర్ల సంఖ్యను అసలు ధరతో గుణించి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

కింది భాగం: పన్నులు, చార్జీలు

ఇక్కడ అయిదారు వరుసలుంటాయి. వీటిని లక్షకు ఎంత అని గుర్తుపెట్టుకుంటే సులువు. కింది రేట్లు మావయ్య కొన్ననాటివి. డెలివరీకి, అంటే షేర్లు డీమ్యాట్‌లో ఉంచుకోవడానికి కొన్నప్పుడు వర్తించేవి.

ఎస్‌టీటీ లక్షకు 100 రూపాయలు. ఇది కేంద్రానికి పోయే పన్ను, కొన్నా అమ్మినా పడుతుంది, దగ్గరి రూపాయికి సవరిస్తారు. మన 40,000కు 40. అదే రోజు కొని అదే రోజు అమ్మేస్తే మాత్రం అమ్మకం మీదే, లక్షకు 25 పడుతుంది. మీరు డెలివరీకి కొన్నారో, ఆ రోజే తేల్చేశారో నోట్ చూసి చెప్పడానికి ఎస్‌టీటీ వరుస మంచి గుర్తు.

స్టాంప్ డ్యూటీ లక్షకు 15, కొన్నవాళ్ల మీద మాత్రమే. మనకు 6 రూపాయలు. 2020 జూలై 1 నుంచి దేశమంతా ఒకటే రేటు. అంతకుముందు రాష్ట్రానికో రేటు ఉండేది. ఇప్పుడు వసూలు చేసిన సొమ్మును కొనుగోలుదారు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి పంపుతారు. మావయ్య ఆరు రూపాయలు ఒడిశాకు చేరతాయి. పార్వతీపురం చిరునామా మార్చుకోకుండా రాయగడలో ఉంటున్నవాళ్ల ఆరు రూపాయలు ఆంధ్రకు పోతాయి.

ఎక్స్‌ఛేంజీ లావాదేవీ చార్జీ 2024 అక్టోబర్ 1 నుంచి ఎన్‌ఎస్‌ఈలో లక్షకు 2 రూపాయల 97 పైసలు. మనకు 1.19. ఎక్స్‌ఛేంజీ ఎంత తీసుకుంటుందో క్లయింటు దగ్గర అంతే వసూలు చేయాలని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఆ తేదీ నుంచే నియమం పెట్టింది. కాబట్టి ఈ వరుసలో బ్రోకర్ సొంత లాభం ఉండకూడదు. సెబీ ఫీజు లక్షకు పది పైసలు. మనకు నాలుగు పైసలు.

ఇక జీఎస్‌టీ, 18 శాతం. దేని మీద అన్నది తెలియాలి. బ్రోకరేజీ, ఎక్స్‌ఛేంజీ చార్జీ, సెబీ ఫీజు, ఈ మూడింటి మీదే. 120, 1.19, 0.04 కలిపితే 121.23. దాని మీద 18 శాతం 21.82. షేర్ల విలువ మీద జీఎస్‌టీ లేదు, ఎస్‌టీటీ మీద లేదు, స్టాంప్ డ్యూటీ మీద లేదు. మీ నోట్‌లో జీఎస్‌టీ బ్రోకరేజీలో అయిదో వంతు కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తే కూర్చుని లెక్క వేయండి. ఆర్డర్‌కు చిన్న మొత్తం తీసుకునే బ్రోకర్ దగ్గర పెద్ద మొత్తానికి కొన్నప్పుడు మాత్రం ఎక్స్‌ఛేంజీ చార్జీ వాటా పెరిగి అలా కనిపించడం మామూలే.

సరిహద్దు జిల్లాల్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "నాకు ఐజీఎస్‌టీ అని పడింది, బల్లార్షాలో మరదలికి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ అని రెండు పన్నులు పడ్డాయి. ఎవరికి ఎక్కువ?" ఎవరికీ ఎక్కువ కాదు. బ్రోకర్ రిజిస్ట్రేషన్ మహారాష్ట్రలో ఉండి మీరు ఒడిశాలో ఉంటే అది రాష్ట్రం దాటిన సేవ. 21.82 మొత్తం ఐజీఎస్‌టీ అనే ఒకే వరుసలో వస్తుంది. మీరూ మహారాష్ట్రలోనే ఉంటే అదే మొత్తం 10.91 చొప్పున రెండు వరుసలుగా చీలుతుంది. మూడు వరుసల్లోనూ అంకెలు పడితేనే తప్పు.

చివరి వరుస: ఇవ్వాలా, రావాలా?

ఇప్పుడు కూడండి.

```
40000.00 + 120.00 + 1.19 + 0.04 + 21.82 + 40.00 + 6.00 = 40189.05
```

మావయ్య నోట్ చివర `Net Amount` దగ్గర (40,189.05) అని కుండలీకరణాల్లో ఉంది. బ్రాకెట్లో ఉంటే మీరు కట్టాల్సింది, బ్రాకెట్ లేకపోతే మీకు రావాల్సింది. కొందరు బ్రోకర్లు బ్రాకెట్‌కు బదులు మైనస్ గుర్తు, లేదా కట్టాల్సినదానికి డీఆర్, రావాల్సినదానికి సీఆర్ అని పెడతారు. సెటిల్‌మెంట్ తేదీకి ఈ మొత్తం మీ ట్రేడింగ్ ఖాతాలో ఉండాలి. మావయ్య ఖాతాలో సరిగ్గా 40,000 వేసి ఉంచారు. 189 తక్కువపడింది. ఇలా తక్కువైన దాని మీద బ్రోకర్ ఆలస్య వడ్డీ వేస్తే అది నోట్‌లో కనిపించదు, లెడ్జర్‌లో, అంటే బ్రోకర్ దగ్గర ఉండే మీ ఖాతా పద్దులో కనిపిస్తుంది. అందుకే కొనేముందు విలువ మీద అర శాతం అదనంగా ఉంచుకోమని ఆయనకు చెప్పాను. ఆయన బ్రోకరేజీ రేటుకు అది సరిగ్గా సరిపోతుంది.

మీ కూడికకు, నోట్‌కు ఒకటి రెండు పైసల తేడా వస్తే పట్టించుకోకండి, అది సవరింపు. రూపాయల్లో వస్తే ఒక్కో వరుసా విడిగా లెక్కవేయండి. తప్పున్న వరుస అదే బయటపడుతుంది.

అమ్మేముందు ఒక లెక్క

ఈ కాగితం నుంచి తీసుకోవాల్సిన అంకె ఇంకోటి ఉంది. 40,189.05ను వందతో భాగిస్తే 401.89. మావయ్యకు ఒక్కో షేరు నిజంగా పడిన ఖరీదు అదీ, 400 కాదు. కొన్నాళ్లకు ధర 404 అయింది. "నాలుగు వందలు లాభం, అమ్మేస్తాను" అన్నారు. ఫోన్ పెట్టకుండానే అమ్మకం నోట్ ఎలా ఉంటుందో కాగితం మీద వేశాం.

అమ్మకం విలువ 40,400. బ్రోకరేజీ 121.20, ఎక్స్‌ఛేంజీ చార్జీ 1.20, సెబీ ఫీజు 0.04, జీఎస్‌టీ 22.04, ఎస్‌టీటీ 40. స్టాంప్ డ్యూటీ లేదు. మొత్తం ఖర్చు 184.48. చేతికొచ్చేది 40,215.52. కొన్న ఖరీదు తీసేస్తే లాభం 26 రూపాయల 47 పైసలు.

అదీ పూర్తిగా మిగలదు. షేర్లు డీమ్యాట్ నుంచి బయటికి వెళ్లినందుకు డీపీ చార్జీ ఉంటుంది. అది ట్రేడ్ ఖర్చు కాదు, డీమ్యాట్ ఖర్చు. కాబట్టి కాంట్రాక్ట్ నోట్‌లో వెతికినా దొరకదు, లెడ్జర్‌లో పడుతుంది. మావయ్య బ్రోకర్ దగ్గర అది కంపెనీకి రోజుకు 20 రూపాయలు, జీఎస్‌టీతో 23.60. అది పోతే మిగిలేది 2 రూపాయల 87 పైసలు. అమ్మకం వాయిదా వేసుకున్నారు.

తేడా నిజమే అయితే

ఫోన్ చేసి ఊరుకోకండి. నోట్ నంబరు, ట్రేడ్ తేదీ, ఏ వరుసలో ఎంత ఉంది, మీ లెక్క ప్రకారం ఎంత ఉండాలి, ఈ నాలుగూ రాసి బ్రోకర్ ఫిర్యాదుల ఈమెయిల్‌కు పంపండి. ఆ చిరునామా నోట్ మీదే అచ్చయి ఉంటుంది. "ఎక్కువ తీసుకున్నారు" అని రాస్తే జవాబు తిరిగి తిరిగి వస్తుంది. "బ్రోకరేజీ 0.50 శాతం పడింది, టారిఫ్ షీట్‌లో 0.30 ఉంది, 80 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 14.40 తిరిగి ఇవ్వాలి" అని రాస్తే వాళ్లు లెక్కతోనే జవాబు చెప్పాలి. అప్పటికీ తేలకపోతే సెబీ వాళ్ల స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. బ్రోకర్ 21 రోజుల్లో చర్య తీసుకుని నివేదిక ఇవ్వాలి. ఫిర్యాదుతో పాటు నోట్ పీడీఎఫ్ జతచేయాలి. దాన్ని డిజిటల్ సంతకం ఉన్న అసలు ఫైల్‌గానే దాచుకోండి, స్క్రీన్‌షాట్‌గా కాదు.

మావయ్య ఇప్పుడు నోట్ రాగానే ముందు సెటిల్‌మెంట్ తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తున్నారు, తర్వాత షేరుకు బ్రోకరేజీని నాలుగు వందలతో భాగించి చూసుకుంటున్నారు. మొన్న వేరే షేరు కొని, దాన్ని కూడా నాలుగు వందలతోనే భాగించి మళ్లీ ఫోన్ చేశారు. ఏ వరుసలో ఉన్న ధరతో ఆ వరుసనే భాగించాలి, మావయ్యా.